నాలుగు లోపలికి, ఆరు బయటికి

బడి గేటు పక్కన గోడకు ఒక నల్లబల్ల ఉంది. దాని మీద రోజూ పొద్దున్నే ఒక అంకె పడాలి. చివరి పరీక్షలకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చెప్పే అంకె. నిన్న అరవై ఒకటి అయితే ఇవాళ అరవై. ఇంతటి మహావిద్యను పెద్దసారు బుర్రంతా ఖర్చుపెట్టి కనిపెట్టి, రాసే పని మాత్రం బడి ఆయాకు అప్పజెప్పారు. ఏడో తరగతి వరకు చదువుకున్న మనిషికి వెనక్కి లెక్కపెట్టడం వచ్చే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆయా రాసేది. ఎర్ర సుద్దతో, మూరెడు ఎత్తున, దూరం నుంచి కనపడేలా. పదో తరగతి పిల్లలు నవ్వుకుంటూ వచ్చి, ఆ అంకె దగ్గరికి రాగానే నవ్వు మింగేసి లోపలికి పోయేవాళ్లు. వాళ్లలో ఆయా కూతురు కూడా ఉండేది. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది. బక్కగా ఉందని తల్లి పెట్టుకున్న పిట్ట అనే పేరే అందరి నోళ్లలో నిలిచింది.

పెద్దసారుకు కూడా పిల్లలు ఒక పేరు పెట్టారు. నూటికినూరు. పదహారేళ్ల నుంచి బడి ఫలితం నూటికి నూరని గేటు మీద బ్యానరు వేలాడుతుంది. గాలి వచ్చినప్పుడల్లా అది పటపటా కొట్టుకుంటుంది, ఆయన నోరు కొట్టుకున్నట్టే. పదో తరగతికి లెక్కలు చెప్పేది కూడా ఆయనే. చెప్పడం అంటే, బల్ల మీద ఒక లెక్క చేసి, వెనక్కి తిరిగి, "ఇది చాలా తేలిక. ఇది కూడా రాకపోతే మీరిక దేనికీ పనికిరారు" అనడం. ఆ మాటతో తేలికైన లెక్క కాస్తా పిల్లల పాలిట కొండ అయి కూర్చునేది. వస్తే గొప్పేం కాదు, తేలికది కదా. రాకపోతే మాత్రం పనికిరానివాళ్లు. అలాంటి బేరంలో ఎవడికైనా చెయ్యి ఆడుతుందా? కానీ ఈ మాట అప్పటికి ఆయాకు కూడా తోచలేదు. ఇంట్లో తను అనేదీ అదే. "ఇంత తేలికది కూడా రాదేమే?"

అర్ధసంవత్సరం పరీక్షలో పిట్ట లెక్కల పేపరు మీద తన పేరు, వరుస నంబరు, తేదీ రాసింది. అంతే. మూడు గంటలు కూర్చుని లేచి వచ్చింది. ఇంట్లో అవే లెక్కలు పెన్సిలు ఆగకుండా చేసే పిల్ల. "ఏమైందే?" అంటే, "పేపరు తిప్పగానే అక్షరాలన్నీ అలికినట్టయ్యాయి అమ్మా. గుండె చెవుల్లో కొట్టుకుంది" అంది.

ఆయాకు ప్రాణం పోయినంత పనైంది. అసలే ఆమెకు భయపడటం ఒక్కటే బాగా చేతనైన విద్య. ఫ్యాను తిరుగుతుంటే ఊడి పడుతుందని భయం. ఆగిపోతే వైర్లు కాలాయని భయం. కూతురు దగ్గితే ఊపిరితిత్తులు, దగ్గకపోతే లోపల దాచుకుందని అనుమానం. ఇప్పుడిక మెదడులో ఏదో అయిందనే ఖాయం చేసుకుంది.

పెద్దసారు మార్కులు ఎక్కువ నుంచి తక్కువకు చదువుతారు. చివరి పేరు వచ్చేటప్పటికి తరగతి మొత్తం మెడలు తిప్పి చూడాలి, అదీ ఆయన పద్ధతి. ఆ రోజు చివరి పేరు పిట్టది. వసారాలో నీళ్ల బిందె మోసుకుపోతున్న తల్లికి అది వినపడింది. తర్వాత ఆఫీసుకు పిలుపు.

"ఏమ్మా, నీ కూతురి పేపరు చూశావా? ఉతికిన దుప్పటిలా ఉంది."

"ఇంట్లో అన్నీ చేస్తుంది సార్."

"ఇంట్లో అందరూ పులులే. చూడు, మొహమాటం లేకుండా చెబుతున్నా. ప్రీఫైనల్ లెక్కల్లో ముప్పై అయిదు రాకపోతే మన బడి నుంచి పంపను. బయట నుంచి ప్రైవేటుగా కట్టుకోండి."

"ఒక్క పరీక్షకే అలా అంటే ఎలా సార్..."

"మన ఫలితం నూటికి నూరు. నీ ఒక్క పిల్ల కోసం తొంభై తొమ్మిది చేయమంటావా?"

ప్రైవేటుగా కట్టడమంటే ఏమిటో ఆయాకు తెలుసు. ఆ రోజు నుంచి తరగతి లేదు, బల్ల లేదు, అడిగితే చెప్పే మనిషి లేదు. పోయినేడు నలుగురిని అలా పంపించారు. వాళ్లలో ఒకడు పెట్రోలు బంకులో పైపు పట్టుకుని కనిపించాడు, మిగతా ముగ్గురు కనిపించనే లేదు. బ్యానరు మీద నూరు మాత్రం చెక్కుచెదరలేదు. కుంటి గుర్రాలను ముందే లాయం నుంచి తోలేసి, మా గుర్రాలన్నీ పరిగెత్తాయి అని చాటుకునే ఘనత అది. "అలాగే సార్" అని బయటికి వచ్చింది ఆయా. వచ్చాక తన మీద తనకే కంపరం పుట్టింది. అంత మాట అంటే, అలాగే సార్!

ఆ యేడే కొత్తగా ఒక సైన్స్ మేడమ్ వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. సాయంత్రం బడి వదిలాక ప్రయోగశాలలో ఒక గంట, పరీక్షంటే వణికే పిల్లలను పదకొండు మందిని పోగేసుకుని కూర్చునేది. పిట్టను కూడా పిలిచింది. ఏం నేర్పుతోందో అని ఆయా వసారా ఊడ్చే నెపంతో కిటికీ దగ్గర చీపురు ఆపి చూసింది.

గాలి పీల్చడం నేర్పుతోంది.

ఆయాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుట్టిన పిల్ల కూడా ఎవరూ చెప్పకుండా చేసే పని అది. దానికి ఒక మేడమ్, దానికి నెలకు జీతం! "నాలుగు అంకెలు లోపలికి, ముక్కుతో. ఆరు అంకెలు బయటికి, నెమ్మదిగా. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, భుజాలు లేవకూడదు. ఎక్కువ గాలి అక్కర్లేదు, మామూలుగానే. అయిదు సార్లు" అంటోంది మేడమ్. పిల్లలు కళ్లు మూసుకుని కూర్చున్నారు, మందు తాగిన కోడిపిల్లల్లాగా. ఆయా మూతి తిప్పుకుని చీపురు గట్టిగా ఆడించింది, దుమ్ము లోపలికి పోయేలా.

ఆ గంటలో గాలి పని అయిదు నిమిషాలే. మిగతాదంతా రాతపని. పుస్తకం మూసి, నిన్న చదివింది గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టమనేది. తర్వాతే పుస్తకం తెరిచి, వదిలేసినవి చూసుకోమనేది. "చూసి చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. మూసి రాస్తేనే ఏది వచ్చిందో ఏది రాలేదో తెలుస్తుంది" అనేది. శనివారం మధ్యాహ్నం వాళ్లను తీసుకెళ్లి పరీక్ష గదిలోనే, పరీక్ష రోజు కూర్చునే బల్లల మీదే కూర్చోబెట్టి, గడియారం పెట్టి పాత పేపరు రాయించేది. పేపరు రాగానే పెన్ను ముట్టుకోవద్దు. మొత్తం ఒకసారి చదవాలి. వచ్చిన ప్రశ్నల పక్కన చిన్న చుక్క పెట్టాలి. చుక్క ఉన్నదానితోనే మొదలుపెట్టాలి.

మాటల్లో కూడా మేడమ్‌కు పట్టింపు ఉంది. "భయపడకు" అనదు. ఒకరోజు ఆయా ఉండబట్టలేక అడిగేసింది.

"ఏం మేడమ్, పిల్ల వణికిపోతుంటే భయపడకమ్మా అని ఒక్క మాట అనలేరా?"

"అంటే తగ్గుతుందా అక్కా? మిమ్మల్ని ఎవరైనా భయపడకు అంటే మీకు తగ్గుతుందా?"

ఆయా ఆలోచించింది. తగ్గదు. ఇంకా ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

"భయపడటం కూడా తప్పేనన్నమాట అనుకుంటుంది పిల్ల. ఉన్న భయానికి అదొకటి తోడు. అందుకే, గుండె కొట్టుకుంటోందా, కొట్టుకోనీ, ఒళ్లు పనికి సిద్ధమవుతోంది, మొదటి చుక్క ఎక్కడ పెట్టావో చూడు అంటాను. చెయ్యడానికి ఒక పని చేతికి ఇస్తాను."

"మరి తేలికది అని చెబితే ధైర్యం కదా?"

"తేలికదన్నది రాకపోతే ఏమనుకుంటుంది?"

ఆయా చీపురు తీసుకుని పోయింది. పోతూ పోతూ, పెళ్లి కాని పిల్ల పెంపకం గురించి చెబుతుందేం అని లోపల గొణుక్కుంది. వెనక నుంచి మేడమ్ కేకేసింది.

"అక్కా, ఇంట్లో పడుకునే ముందు అయిదు సార్లు చేయించండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటైతేనే భయం వేసినప్పుడు పనికొస్తుంది. అయిదు చాలు. ఎక్కువ వద్దు..."

ఎక్కువ వద్దన్న మాట ఆయా వినలేదు. వినకపోవడానికి దూరం కారణం కాదు, ఒళ్లు పొగరు కారణం. చెప్పేవాళ్లను చులకన చేస్తే సగం మాటే చెవికెక్కుతుంది.

రెండు నెలలు గడిచాయి. బల్ల మీద అంకె ఇరవై నాలుగుకు దిగింది. పిట్ట రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవడం మొదలుపెట్టింది. పుస్తకం మూసి రాసిన కాగితాలు దిండు కింద చేరాయి. శనివారం పాత పేపర్లలో మొదట పన్నెండు మార్కులు, తర్వాత ఇరవై ఆరు, తర్వాత ముప్పై ఎనిమిది. ఆయా ఇది చూసి సంతోషించాలి. సంతోషించడం ఆమెకు చేతకాదు. ముప్పై ఎనిమిది వచ్చిందంటే పరీక్షలో పడిపోవడానికి ఇంకా ఎత్తుకు ఎక్కిందని లెక్క వేసుకుంది.

ఇంతలో పెద్దసారు కళ్లు ప్రయోగశాల మీద పడ్డాయి. పై ఆఫీసు వాళ్లు ఏదో కాగితం పంపారట, బడుల్లో పిల్లల ఒత్తిడి తగ్గించాలి, చేసినవాటికి ఫొటోలు పంపాలి అని. ఒత్తిడి తగ్గించమంటే ఆయనకు అర్థమైంది ఫొటో ఒక్కటే. మర్నాడే మైకు పెట్టించి, మూడు వందల మందిని ఎండలో నిలబెట్టి, చేతిలో విజిలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు.

"ఇవాళ్టి నుంచి శ్వాస కార్యక్రమం! విజిలు ఊదితే పీల్చాలి, ఊదితే వదలాలి. గుండెల నిండా! గట్టిగా! ఎవరు పీల్చడం లేదో నాకు కనపడుతోంది!"

టుర్. టుర్. టుర్. టుర్. ప్రార్థనకు, వార్తలకు పోగా మిగిలింది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నలభైసార్లు ఊదారు ఆయన. వెనక వరుసలో ఒక ఆరో తరగతి పిల్ల కూలబడింది. "ఏమీ తినకుండా వస్తారు వెధవలు" అన్నారు మైకులో. ఆ వెంటనే, అదే ఊపిరితో, "గుర్తుంచుకోండి, ఇరవై నాలుగే రోజులు!" అన్నారు. ఫొటో తీశారు. సైన్స్ మేడమ్ మెట్ల దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయింది. ఆయన చేత్తో ఈగను తోలినట్టు తోలారు.

ఆయాకు మాత్రం అది నచ్చింది. సిగ్గులేని మాటే గానీ నిజం. ఆ మేడమ్ గుసగుసలాడినట్టు చెప్పేదానికంటే ఇది మందులా కనిపించింది. శబ్దం ఉంది, విజిలు ఉంది, మైకు ఉంది. గట్టిగా చేస్తేనే కదా పనిచేసేది! అయిదు సార్లకే కాస్త కుదుటపడితే, యాభై సార్లకు ఎంత కుదుటపడాలి! ఒక చెంచాకు తగ్గని దగ్గుకు సీసా అంతా తాగించే మనిషి ఆమె.

మర్నాడే ప్రీఫైనల్ లెక్కల పరీక్ష.

పొద్దున ఆరింటికి పిల్లను కుర్చీలో కూర్చోబెట్టింది. పిట్ట అప్పటికే తన అయిదు సార్లు చేసుకుని, సంచిలో రెండు పెన్నులు, పెన్సిలు, స్కేలు రాత్రే సర్దుకుని, మొహం కడుక్కుని ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతమే తల్లికి మింగుడుపడలేదు.

"అదేం పీల్చడమే, పిల్లి నీళ్లు తాగినట్టు? గట్టిగా పీల్చు. గుండెల నిండా. నేను లెక్కపెడతా."

"మేడమ్ నెమ్మదిగా అంది అమ్మా."

"పెద్దసారు కంటే ఎక్కువ తెలుసా మీ మేడమ్‌కి? కానీ. ఒకటి! రెండు! తొందరగా, బస్సు టైమవుతోంది!"

అరవై దాకా లెక్కపెట్టింది. బస్సులో నిలబడి ఇంకో నలభై. బడిలో మెట్ల మీద విజిలు సరేసరి. పరీక్ష గంట కొట్టడానికి ఆయా ఇనుప పట్టీ దగ్గరికి వెళ్తుంటే, కుళాయి దగ్గర గోడకు ఆనుకుని పిట్ట కనిపించింది. పెదవులు తెల్లబడ్డాయి. రెండు చేతుల వేళ్లు కొంకర్లు పోయినట్టు ముడుచుకుని ఉన్నాయి.

"అమ్మా, వేళ్లు తిమ్మిరెక్కాయి. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. కళ్లు తిరుగుతున్నాయి. గాలి అందట్లేదు."

"ఇంకా పీల్చు తల్లీ! ఇంకా గట్టిగా!" అని అరిచింది ఆయా. ఆ క్షణాన ఆమెకు ఇంకేమీ తెలియదు. పిల్ల ఇంకా గట్టిగా పీల్చింది. ఇంకా తిరిగాయి కళ్లు. అయిపోయింది, నా పిల్ల అయిపోయింది, నా చేతులతో నేనే చంపుకున్నా అని ఆయా నేల మీద కూలబడింది. జీవితమంతా ఏ కీడు వస్తుందా అని గేటు దగ్గర కాపలా కాసింది. కీడు ఇంట్లో కుర్చీ వేసుకుని అంకెలు లెక్కపెట్టింది.

సైన్స్ మేడమ్ జవాబు కాగితాల కట్టతో అటే వస్తోంది. కట్ట గోడ మీద పెట్టి పిట్ట పక్కన గొంతుక్కూర్చుంది. పరిగెత్తలేదు, అరవలేదు.

"ఎన్నిసార్లు చేశావమ్మా పొద్దున్నుంచి?"

"వంద... విజిలు కూడా."

మేడమ్ తలెత్తి ఆయా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టు ఉంటే ఆయాకు కాస్త తేలికయ్యేది.

"సరే. ఇది ప్రాణాపాయం కాదు. నీకు గాలి తక్కువై కాదు, ఎక్కువై ఇలా ఉంది. అంత వేగంగా పీల్చి వదిలితే ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోతుంది. అందుకే తిమ్మిరి. నెమ్మదిస్తే అదే సర్దుకుంటుంది. నోరు ముయ్యి. ముక్కుతో, కొంచెమే. పెద్దది వద్దు. ఇప్పుడు వదలడమే పని. వేడి టీ మీద ఊదినట్టు, పొడుగ్గా. నాతోపాటు."

ఆమె ఊదింది. పిట్ట ఊదింది. మొదటిసారి ఆగి ఆగి వచ్చింది. మూడోసారికి భుజాలు దిగాయి. ఎనిమిదోసారికి వేళ్లు విచ్చుకున్నాయి. నేల మీద కూలబడ్డ ఆయా కూడా తనకు తెలియకుండానే ఊదింది.

"పరీక్ష..." అంది పిట్ట.

"ఉంది. గంట ఇంకా మీ అమ్మ చేతిలోనే ఉంది కదా" అంది మేడమ్. "తిమ్మిరి ఇంకో పది నిమిషాలు కొద్దికొద్దిగా ఉంటుంది, ఉండనీ. దానితోనే రాయొచ్చు. గదిలోకి వెళ్లి ఏం చేస్తావు?"

"పేపరు మొత్తం చదువుతా. చుక్కలు పెడతా. చుక్క ఉన్నదానితో మొదలుపెడతా."

"అంతే."

ఆయా లేచి గంట కొట్టింది. ఎప్పుడూ ఇల్లు అంటుకున్నట్టు వాయించేది. ఆ రోజు మూడే దెబ్బలు కొట్టింది, దెబ్బకూ దెబ్బకూ మధ్య నెమ్మదిగా ఊపిరి వదులుతూ.

ఆ గదికి కాపలా మేడమే. కిటికీ పక్క మూడో బల్ల పిట్టది. నీళ్ల బిందె తీసుకుని ఆయా గుమ్మం దగ్గర నిలబడింది. పిట్ట పేపరు తిప్పింది. చదివింది. ఒక చోట చుక్క పెట్టింది. ఇంకో చోట. మొత్తం నాలుగు చుక్కలు. పెన్ను కదిలింది.

ఇరవై నిమిషాలు కాలేదు, చెప్పుల చప్పుడు చేసుకుంటూ నూటికినూరు దిగారు. పరీక్ష గదిలో తిరగడం ఆయనకు పెద్ద సరదా. తనవల్లే పిల్లలు రాస్తున్నారని ఆయన నమ్మకం. ఒక్కొక్క బల్ల మీదికి వంగి, పిల్లల మెడ మీద ఊపిరి వదిలి పోతారు. సరిగ్గా పిట్ట బల్ల దగ్గర ఆగారు.

"ఏమ్మా? ఇవాళైనా పేరు తర్వాత ఏమైనా రాస్తావా? గుర్తుందిగా, ముప్పై అయిదు. తగ్గితే ఏమవుతుందో మీ అమ్మకు చెప్పాను. రాయి, రాయి, నేను చూస్తుంటే రాయి. తేలిక పేపరే ఇచ్చాను."

పెన్ను ఆగింది. గుమ్మంలోంచి తల్లికి కూతురి వీపు కనపడింది, భుజాలు మెల్లగా చెవుల వైపు లేవడం కనపడింది. మేడమ్ లేచి, "సార్, నేను చూసుకుంటాను" అంది. "మీరు కూర్చోండి మేడమ్" అన్నారు ఆయన, కదలకుండా.

ఆయా ఆ మనిషిని అలా చూస్తూ ఉండిపోయింది. చొక్కా జేబులో విజిలు. నుదుటి మీద చెమట. ఇంత కాలం ఈయన్ని చూసే తను వణికింది! ఈయనకూ ఒక భయం ఉంది, పైనుంచి వచ్చే ఫోను. ఆ భయాన్ని తనలో ఉంచుకునే దమ్ము లేక, పదిహేనేళ్ల పిల్లల మెడల మీద పోసి పోతాడు. తను మాత్రం? తనూ అదే చేసింది, పొద్దున ఆరింటికి, అంకెలు లెక్కపెట్టి మరీ. ఇద్దరూ ఒకే బాపతు. కాకపోతే ఆయనకు మైకు ఉంది.

"సార్" అంది గట్టిగా. "పై ఆఫీసు నుంచి ఫోను. లైన్లో ఉన్నారు."

నూటికినూరు మొహంలో నెత్తురు దిగిపోయింది. "ఎవరు? ఏమన్నారు?"

"శ్వాస కార్యక్రమం గురించట సార్. తొందరగా అన్నారు."

ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ పరుగు. పదిహేను గదుల బడిని గడగడలాడించే మనిషి, లేని ఫోను కోసం అంత పొడుగు వసారా అంతా చిన్నపిల్లాడిలా పరిగెత్తాడు. ఆయా వెనకే వెళ్లలేదు. అక్కడే నిలబడింది.

గదిలో మేడమ్ పిట్ట దగ్గరికి వెళ్లలేదు. దూరం నుంచే, అందరికీ చెప్పినట్టు, చిన్న గొంతుతో అంది. "ఎక్కడ ఆగారో అక్కడ పెన్ను కింద పెట్టి, ఒకసారి నెమ్మదిగా ఊపిరి వదలండి. తర్వాత మీరు రాసిన చివరి వరుస చదువుకోండి."

పిట్ట పెన్ను కింద పెట్టింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆరు అంకెలు. తల్లి గుమ్మంలో లెక్కపెట్టింది, ఈసారి లోపలే, శబ్దం లేకుండా. తొందరపెట్టకుండా. పిల్ల పెన్ను తీసింది.

పది నిమిషాలకు పెద్దసారు తిరిగి వచ్చారు, మొహం గంటు పెట్టుకుని.

"ఎవరమ్మా ఫోను చేసింది? నేను వెళ్లేసరికి ఎవరూ లేరు. తిరిగి చేస్తే ఎవరూ చేయలేదంటారు!"

"పేరు చెప్పలేదు సార్. గొంతు పెద్దగా ఉంది, పెద్దవాళ్లే అనుకున్నా. మళ్లీ చేస్తారేమో, అక్కడే ఉంటే మంచిది."

ఆయన ఉన్నారు. పరీక్ష అయ్యేదాకా ఫోను పక్కనే, విజిలు చేత్తో నలుపుకుంటూ. నీళ్లిద్దామని వెళ్తే గ్లాసు అందుకోకుండా ఫోను వైపే చూస్తున్నారు. ఆయాకు ఒక్క క్షణం, గట్టిగా పీల్చండి సార్, గుండెల నిండా అని చెప్పాలనిపించింది. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

నాలుగో రోజున మార్కులు. ఎప్పటిలాగే ఎక్కువ నుంచి తక్కువకు. తల్లి వసారాలో బిందె దించకుండా నిలబడింది. పిట్ట పేరు చివర రాలేదు. చివరి నుంచి ఏడోది. నలభై ఒకటి. రెండు లెక్కలు సగంలో వదిలేసింది, ఒకటి తప్పు చేసింది. ఏమీ అద్భుతం జరగలేదు. వచ్చినవి రాసింది, అంతే.

"చూశారా!" అన్నారు పెద్దసారు తరగతితో. "నా శ్వాస కార్యక్రమం ఫలితం ఇది. ఒక్కరోజులో!"

వసారాలో ఆయా బిందెను ఠపీమని నేల మీద దించింది. ఒక్కమాట అడగాలని లోపలికి తొంగిచూసింది.

"అయితే సార్, పిల్ల మన బడి నుంచే కదా?"

"ఆ, ఆ. మనమే పంపుతాం. నలభై ఒకటి కదా." అదేదో తన జేబులోంచి తీసి ఇచ్చినట్టు అన్నారు.

ఆ సాయంత్రం ప్రయోగశాల గుమ్మంలో ఆయా చీపురు పట్టుకుని నిలబడింది. మేడమ్ కాగితాలు సర్దుకుంటోంది.

"మేడమ్, పరీక్ష రోజు పొద్దున వంద సార్లు చేయించింది నేనే."

"తెలుసు అక్కా."

"తిట్టరేం?"

"తిడితే రేపు ఏం చేయాలో తెలుస్తుందా?" అని మేడమ్ నవ్వింది. "చివరి పరీక్షలకు ఇంకా టైముంది. ఆ గేటు దగ్గర బల్ల మీద అంకె రాసేది మీరేగా?"

"పెద్దసారు రాయమన్నారు."

"ఆ అంకె చూసి ఏ పిల్లైనా ఒక్క లెక్క నేర్చుకుందా?"

మర్నాడు పొద్దున ఆయా ముందుగా వచ్చి బల్ల తుడిచింది. ఎర్ర సుద్ద పక్కన పెట్టి తెల్లది తీసుకుంది. వంకరటింకర అక్షరాలతో, తప్పులు పోతాయేమో అని రెండుసార్లు చదువుకుని రాసింది. "ఈరోజు: పుస్తకం మూసి ఒక పాఠం రాయాలి. తర్వాత చూసుకోవాలి." కింద ఖాళీగా ఉందని ఇంకోటి చేర్చింది. "తొమ్మిదిన్నరకు పడుకోవాలి."

పిల్లలు వచ్చారు. బల్ల ముందు ఆగారు. ఒకడు తల గోక్కున్నాడు. "ఆయమ్మా, ఇవాళ ఎన్ని రోజులు?" అన్నాడు. "నీకెందుకురా, పాఠం రాశావా?" అంది. పిట్ట చదివి లోపలికి పోయింది. సంచి భుజాన సర్దుకుంటూ పోయింది, మెడ వంచుకుని కాదు.

పెద్దసారు బండి దిగి బల్ల చూశారు.

"అంకె ఏదమ్మా? ఇవాళ పంతొమ్మిది కదా?"

"అవునా సార్?" అంది ఆయా. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, నెమ్మదిగా ఆరు అంకెలు వదిలి చెప్పింది. "ఏమో సార్. ఏడో తరగతే కదా నేను చదివింది. వెనక్కి లెక్కపెట్టడం సరిగ్గా రాదు."